22 గంటల కొండపల్లి ఫుటేజ్, నాలుగు శనివారాలు

"విజయవాడలో పెళ్లి వీడియోలు చేసే ఒక స్టూడియోలో ఎడిటర్‌ని. రెండేళ్లుగా ఖాళీ దొరికినప్పుడల్లా కొండపల్లి వెళ్లి, బొమ్మలు చేసే ఒక కుటుంబం పనిని తీస్తూ వచ్చాను. మొత్తం 22 గంటల ఫుటేజ్ ఉంది. సగానికి పైగా కెమెరాతో 4కేలో తీసింది, మిగతాది ఫోన్‌తో. సంక్రాంతి బొమ్మల కొలువు లోపు శనివారానికొకటి చొప్పున నాలుగు వీడియోలు వదలాలని కోరిక. సోమవారం నుంచి శుక్రవారం దాకా రాత్రిపూట రెండేసి గంటలు, ఆదివారం ఐదు గంటలు కూర్చోగలను. మొదటి వీడియో ఇప్పటికి మూడుసార్లు కట్ చేశాను. ప్రతిసారీ మంచి షాట్లన్నీ దానికే అయిపోయి, మిగతా మూడింటికీ ఏమీ మిగలడం లేదు. పైగా ఫోన్‌లో తీసిన మాటలు పెదాలతో కలవడం లేదు. ఇక మొదటిది వదిలేసి వారం వారం చేసుకుంటూ పోనా? లేక నాలుగూ పూర్తయ్యాకే మొదలుపెట్టనా?"
– పేరు వద్దన్న పాఠకుడు

ముందు గంటల లెక్క చూద్దాం, మీ ప్రశ్నకి సగం జవాబు అందులోనే ఉంది. ఎనిమిది, తొమ్మిది నిమిషాల వీడియోకి షాట్లు ఎంచుకోవడానికి రెండు గంటలు, రఫ్ కట్ పేర్చడానికి ఐదు గంటలు వేసుకోండి. ఆ తర్వాత ఫైన్ కట్‌కి మూడున్నర, సౌండ్‌కి రెండు, కలర్‌కి ఒకటిన్నర, సబ్‌టైటిళ్లకీ టైటిళ్లకీ ఒకటి, ఎక్స్‌పోర్ట్ చేసి మొదటి నుంచి చివరిదాకా చూసుకోవడానికి ఇంకొకటి. మొత్తం 16 గంటలు. మీకు వారానికి దొరికేవి 15. అంటే వారం వారం చేసుకుంటూ పోతే, ఏ ఆటంకం రాకపోయినా మొదటి వారానికే గంట బాకీ పడతారు. స్టూడియోలో ఒక్క పెళ్లి వీడియో అర్జెంటని మీద పడితే రెండో శనివారమే తేదీ తప్పుతుంది. ఆ దారి మీ గంటలకి సరిపడదు.

ఇక నాలుగూ పూర్తయ్యాకే మొదలుపెట్టే దారి. నాలుగు వీడియోలకి 64 గంటలు. అంతకంటే ముందు ఫైళ్లు సర్దడానికి ఆరు, ఫుటేజ్ అంతా చూసి గుర్తులు పెట్టుకోవడానికి 12. మొత్తం 82 గంటలు, అంటే ఐదున్నర వారాలు. ఈ దారిలో చివరి రోజు దాకా ఒక వీడియోలోని షాట్‌ని ఇంకో వీడియోకి మార్చుకునే వీలుంటుంది. పోయేదేమిటంటే, మొదటి వీడియో చూసి జనం అడిగే ప్రశ్నలకి తర్వాతి వాటిలో చోటివ్వలేరు. రంగులు ఏవి వాడతారు, కొలువు సెట్‌లో ఎన్ని బొమ్మలుంటాయి అని అడిగేవాళ్లు తప్పకుండా ఉంటారు.

మూడో దారి రెండింటికీ మధ్యది. ముందు నాలుగు రఫ్ కట్‌లూ పూర్తి చేసి, ఆ తర్వాతే ఒక్కొక్కదాన్ని చివరిదాకా తీసుకెళ్లడం. మీ ఉద్యోగం, మీ గంటలు చూస్తే నా మొగ్గు దీనివైపే. మీ అసలు సమస్య అయిన షాట్ల కొరతని ఇది మొదటి మూడు వారాల్లోనే బయటపెడుతుంది. దీని ఇబ్బంది కూడా చెప్పాలి: మూడు వారాలు కష్టపడ్డా చేతిలో పూర్తయిన వీడియో ఒక్కటీ ఉండదు. ఆ దశలో మొదటిదాన్ని మెరుగులు దిద్దాలని చెయ్యి లాగుతుంది. దిద్దారో, కథ మళ్లీ మొదటికొస్తుంది.

మీ మొదటి కట్ మంచి షాట్లన్నీ మింగేయడానికి కారణం, పంపకం జరగకముందే కట్ మొదలవడం. టైమ్‌లైన్ ఒక్కటే ఎదురుగా ఉన్నప్పుడు ఏ ఎడిటరైనా బాగున్న ప్రతి షాట్‌నీ అందులోకే లాగుతాడు. కాబట్టి ముందు ఏ వీడియోకి ఏది అన్నది తేలాలి. దానికీ కొన్ని దారులున్నాయి.

పని దశల వారీగా పంచితే మొదటి వారం కర్ర, రెండో వారం చెక్కడం, మూడో వారం అతకడం, నాలుగో వారం రంగులు. కాగితం మీద ఇది చక్కగా కనిపిస్తుంది. కానీ మొదటి వారం చూసినవాళ్లకి పూర్తయిన బొమ్మ ఒక్కటీ కనబడదు, రంగులన్నీ నాలుగో వారంలోనే కుప్పపడతాయి. బొమ్మల వారీగా పంచి ప్రతిదాన్నీ కర్ర నుంచి రంగు దాకా చూపిస్తే, ప్రతి వారం ఒక బొమ్మ పూర్తవుతుంది గానీ సున్నం పూత, ఆరబెట్టడం, మక్కు పెట్టడం నాలుగేసి సార్లు చూపించాలి. అన్ని విడి షాట్లు ఎవరి దగ్గరా ఉండవు. మూడో వారానికి చూసేవాళ్లకీ విసుగొస్తుంది.

ఈ రెండింటినీ కలిపితే మీ ఫుటేజ్ నాలుగు వారాలకి సరిపోతుంది. వీడియోకి ఒక బొమ్మ, ఆ బొమ్మ మీద ఒకే దశ విస్తారంగా, మిగతా దశలు కొన్ని సెకన్లలో. ఉదాహరణకి మొదటి వారం అంబారీ ఏనుగు తీసుకోండి. విడివిడిగా చెక్కిన ముక్కలు చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుక్కుని ఏనుగవడం కంటికి ఇంపుగా ఉంటుంది, కాబట్టి అతకడం మీద నాలుగు నిమిషాలు నిలవండి. రెండో వారం తాటిచెట్టు, గీత కార్మికుడు: ఇందులో తెల్ల పొణికి కర్ర, దాన్ని ఆరబెట్టడం, అంత తేలికైన కర్రే ఎందుకన్న ఆ ఇంటి పెద్దాయన మాటలు. మూడో వారం ఎడ్లబండి: ఉలి, ఆకురాయి, చెక్కడం. నాలుగో వారం దశావతారాలు: సున్నం పూత, ఆ పైన రంగులు, మేక వెంట్రుకల కుంచెతో కళ్లు దిద్దడం. కొలువులు పెట్టేవాళ్లకి దశావతారాల సెట్ మీద ఆసక్తి ఎక్కువ కాబట్టి అది పండగ ముందు శనివారం రావడమే బాగుంటుంది. మీ దగ్గర వేరే బొమ్మలుంటే అవే పెట్టుకోండి, పంచే పద్ధతి మాత్రం ఇలా ఉంచండి.

ఇప్పుడు ఎన్ని షాట్లు కావాలో చూడండి. తొమ్మిది నిమిషాలంటే 540 సెకన్లు. షాట్ సగటున ఆరు సెకన్లు నిలిస్తే వీడియోకి 90 షాట్లు, నాలుగింటికి 360. రఫ్ కట్‌లో మూడో వంతు తేలిపోతాయి కాబట్టి 540 దాకా గుర్తుపెట్టుకోవాలి. 22 గంటల్లో అన్ని దొరకడం కష్టం కాదు. అయితే దశల మధ్య అవి సమానంగా ఉండవు. రంగుల షాట్లు 250 వచ్చి, కర్ర ఆరబెట్టేవి 20 మాత్రమే వచ్చాయనుకోండి, రెండో వీడియోని ఐదున్నర నిమిషాలకి కుదించండి. నాలుగూ ఒకే నిడివి ఉండాలని సాగదీస్తే ఆ లోటు వెంటనే తెలిసిపోతుంది.

ఫుటేజ్ చూడటం ఒక్కసారే, పూర్తిగా జరగాలి. మాటలున్న క్లిప్పులు మామూలు వేగంతో, చేతిపని క్లిప్పులు మూడు రెట్ల వేగంతో చూడండి. మీ 22 గంటల్లో మాటలు ఆరు గంటలుంటాయనుకుంటే, మిగతా 16 గంటలు ఐదున్నరలో అయిపోతాయి. ఆగి రాసుకునే సమయంతో కలిపి 12 గంటలు. ఒక షీట్‌లో ఫైల్ పేరు, నిమిషం, ఏ బొమ్మ, ఏ దశ, లోపం, ఏ వీడియోకి అన్న గడులు చాలు. లోపం గడిలో ఫోకస్, కదలిక మాత్రమే కాక రెండు విషయాలు తప్పకుండా రాయండి. ట్యూబ్‌లైట్ కింద ఫోన్‌తో తీసిన వాటిలో చారలు పాకుతున్నాయా? పని చేసే చోట రేడియోలో గానీ ఫోన్‌లో గానీ సినిమా పాట మోగుతోందా? పని మాత్రమే ఉన్న షాట్ అయితే ఆ సౌండ్ తీసేసి ఉలి చప్పుడు వేసుకోవచ్చు. మాటల వెనక పాట ఉంటే దాన్ని విడదీయడం కష్టం, యూట్యూబ్‌లో కాపీరైట్ క్లెయిమ్ పడే అవకాశం ఉంటుంది. అలాంటి మాటల మీద ఏ వీడియోనీ నిలబెట్టకండి.

ఈ షీట్ నిండాక అరుదైన వాటిని ముందు పంచండి. మక్కు కలపడం ఒక్క రోజే తీసి ఉంటే అది పూర్తిగా మొదటి వీడియోదే. మిగతా మూడింటిలో అది కావాల్సి వస్తే నాలుగు సెకన్లకి మించకూడదని నియమం పెట్టుకోండి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో వీడియోకొక లేబుల్ రంగు ఇస్తే, మొదటి టైమ్‌లైన్‌లోకి మూడో వీడియో రంగు జొరబడగానే కనిపిస్తుంది. ఇందుకోసం నాలుగు వేర్వేరు ప్రాజెక్టులు తెరవకండి. ఒకే ప్రాజెక్టు, అందులో నాలుగు టైమ్‌లైన్లు. ప్రాజెక్టులు వేరైతే లేబుళ్లు కలవవు, ఏ షాట్ ఎక్కడ వాడారో వెతకడానికే సాయంత్రాలు పోతాయి.

రెండేళ్ల ఫుటేజ్‌కి ఇంకో చిక్కుంది. ఎడ్లబండి చెక్కడం మీరు మూడు వేర్వేరు రోజుల్లో తీసి ఉండొచ్చు. అవన్నీ కలిపి కట్ చేస్తే ఒక షాట్‌లో బొమ్మ చెక్కే ఆయన చేతికి ఉంగరం ఉంటుంది, తర్వాతి షాట్‌లో ఉండదు. గోడకి సున్నం మారిపోతుంది. గోళ్ల సందుల్లో పసుపు రంగు కనిపిస్తుంది, ఇంకా రంగుల దశ రాకుండానే. ఇలాంటివి ఎడిటర్ కంటికి అలవాటైపోయి దాటిపోతాయి, మొదటిసారి చూసేవాళ్లు పట్టేస్తారు. వీడియోకి ఒక రోజుని ప్రధానంగా పెట్టుకుని, మనిషీ ఇల్లూ కనిపించే వెడల్పాటి షాట్లన్నీ ఆ రోజువే వాడండి. మిగతా రోజుల నుంచి బొమ్మా పనిముట్టూ మాత్రమే నిండుగా కనిపించే దగ్గరి షాట్లు తెచ్చుకోండి.

ఇక మొదటి వారం చేయాల్సిన సర్దుబాటు. చాలా కెమెరాలు కార్డు మార్చినప్పుడల్లా C0001.MP4 నుంచి మళ్లీ మొదలుపెడతాయి. మీ దగ్గర అదే పేరుతో పది ఫైళ్లు ఉన్నా ఆశ్చర్యం లేదు. హార్డ్‌డిస్క్ మార్చి ఫైళ్లని మళ్లీ లింక్ చేసినప్పుడు సాఫ్ట్‌వేర్ వేరే రోజు C0001ని పట్టుకుంటే, ఉలి షాట్ ఉన్నచోట కుంచె షాట్ వచ్చి కూర్చుంటుంది. ప్రాక్సీలన్నీ ఒకే ఫోల్డర్‌లో చేస్తే ఒకదాని మీద ఒకటి పడతాయి. అప్పుడు ఎడిట్‌లో ఒక బొమ్మ, ఎక్స్‌పోర్ట్‌లో ఇంకో బొమ్మ. అందుకే ప్రాజెక్టులోకి తెచ్చేముందే తేదీ, కెమెరా కలిపి పేరు మార్చండి: `20231112_A_C0001.MP4` లాగా. ప్రాజెక్టులోకి వచ్చాక పేర్లు మారిస్తే లింకులన్నీ తెగిపోతాయి. మీరు ఇప్పటికే చేసిన మూడు కట్‌లు పాత పేర్లతో ఉన్నాయి కాబట్టి వాటిని చూసుకోవడానికి వీడియోలుగా ఎక్స్‌పోర్ట్ చేసుకుని, ప్రాజెక్టు కొత్తగా మొదలుపెట్టండి. పేర్లు మార్చాక మొత్తాన్నీ రెండో హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసి, అది ఇంకో చోట ఉంచండి.

పెదాలతో మాట కలవకపోవడానికి చాలాసార్లు కారణం ఒకటే. ఫోన్లు సెకనుకి ఇన్ని ఫ్రేములని స్థిరంగా తీయవు, వెలుతురుని బట్టి, లోడ్‌ని బట్టి అటూ ఇటూ చేస్తాయి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ మాత్రం స్థిరంగా ఉందనుకుని లెక్కేస్తుంది. క్లిప్ మొదట్లో మాట సరిగ్గా ఉండి, పోనుపోను జారుతుంటే ఇదే. MediaInfoలో ఫైల్ తెరిస్తే Frame rate mode దగ్గర Variable అని కనిపిస్తుంది. మాటలున్న ఫోన్ క్లిప్పుల్ని మాత్రం ఇలా స్థిరమైన ఫ్రేములకి మార్చుకోండి:

```
ffmpeg -i IMG_0412.MOV -vf fps=30 -c:v libx264 -crf 16 -c:a pcm_s16le 20231112_B_0412.mov
```

అసలు ఫైల్‌ని చెరపకండి. టైమ్‌లైన్ 25 ఫ్రేములకి పెట్టుకోవడం మంచిది, మీ కెమెరా ఫుటేజ్ 25లో ఉందనుకుంటున్నాను. మారిన 30 ఫ్రేముల మాటల క్లిప్ ఆ టైమ్‌లైన్‌లో పెద్దగా ఇబ్బంది పెట్టదు. చేతిపని క్లిప్పుల్లో మాత్రం కదలిక తడబడినట్టు కనిపిస్తుంది. వాటిని సౌండ్ తీసేసి 25 ఫ్రేముల క్లిప్పుగా చదివించండి. వేగం 83 శాతానికి తగ్గుతుంది, కుంచె కదలిక నునుపుగా ఉంటుంది.

4కే ఫుటేజ్ కంప్యూటర్‌లో తడబడుతుంటే 720పీ ప్రాక్సీలు చేసుకోండి. సెకనుకి 10 మెగాబిట్ల చొప్పున 22 గంటలకి 100 జీబీ దాకా పడుతుంది. రాత్రి పెట్టి పడుకుంటే మీ 15 గంటల్లోంచి ఏమీ పోదు.

క్యాలెండర్ ఇలా వస్తుంది. మొదటి వారం సర్దుబాటు, చూడటం. రెండో వారం మొదట్లో చూడటం ముగించి రఫ్ కట్‌లు మొదలుపెట్టండి. షాట్ల ఎంపికతో కలిపి రఫ్ కట్‌కి ఏడు గంటల చొప్పున, ఒక గంట అటూ ఇటూగా మూడో వారం చివరికి నాలుగూ పేర్చి ఉంటాయి. ఆ ఆదివారం నాలుగింటినీ వరసగా ఒకే కూర్చోవడంలో చూడండి. ఏ షాట్ రెండుసార్లు వచ్చింది, ఏ వీడియో పలచగా ఉంది అన్నది అప్పుడే తెలుస్తుంది. నాలుగు, ఐదు వారాల్లో వీడియోకి తొమ్మిది గంటల చొప్పున మూడు పూర్తవుతాయి. ఐదో వారం చివరి శనివారం మొదటి విడుదల. ఆరో వారం నాలుగోదాన్ని పూర్తి చేస్తారు. ఏడు, ఎనిమిది వారాలు మీకు మిగులు, విడుదలలు మాత్రం సాగుతుంటాయి.

నాలుగో విడుదల భోగికి ముందు శనివారం కావాలంటే, ఎనిమిది వారాలు వెనక్కి లెక్కేస్తే నవంబరు మధ్యలో మొదలుపెట్టాలి. అవి సాధారణంగా ముహూర్తాల రోజులు, మీ స్టూడియోకి పని ఎక్కువ. డిసెంబరు మధ్యలో ధనుర్మాసం వచ్చాక షూట్లు తగ్గినా, డెలివరీల ఒత్తిడి కొన్నాళ్లుంటుంది. మొదటి ఐదు వారాల్లో ఒక వారం పూర్తిగా పోయిందనుకుందాం. మొదటి వీడియోకి కావాల్సింది 55 గంటలు, ఆ శనివారానికి మీకు సరిగ్గా 55 దొరికి ఉంటాయి. తేదీ నిలబడుతుంది. రెండు వారాలు పోతే నిలబడదు. ఆ ఏడాది ముహూర్తాలు చూసి అలా జరుగుతుందనిపిస్తే, నవంబరు మొదట్లోనే కూర్చోండి. అదీ కుదరకపోతే వీడియోలు మూడే చేయండి, ఎడ్లబండి పండగ తర్వాతైనా వదలొచ్చు.

మొదటి వీడియో పూర్తి చేసేటప్పుడు టైటిల్ అక్షరాలు, సబ్‌టైటిళ్ల సైజు, కలర్ సెట్టింగులు, మాటల సౌండ్ స్థాయి టెంప్లేట్‌గా దాచుకోండి. మాటల స్థాయి నాలుగింటిలో ఒకేలా ఉండాలి. ఒకదాని తర్వాత ఒకటి చూసేవాళ్లు రెండో వీడియోకి సౌండ్ పెంచుకోవాల్సి రాకూడదు. యూట్యూబ్‌లో శనివారం దాకా ఆగకుండా గురువారం రాత్రే Private‌గా అప్‌లోడ్ చేసి, Schedule‌లో శనివారం సమయం పెట్టండి. 4కే రూపం సిద్ధమవడానికి టైమ్ పడుతుంది, ముందు తక్కువ నాణ్యతలోనే కనిపిస్తుంది. కాపీరైట్ చిక్కేదైనా ఉంటే కూడా గురువారమే తెలిస్తే, శుక్రవారం రాత్రి రెండు గంటల్లో సరిచేసుకోవచ్చు.

మూడో వారం ఆదివారం చూసిన రఫ్ కట్‌లనే ఆ కుటుంబానికీ చూపించండి. పని వరస తప్పుగా పేర్చి ఉంటే పట్టుకోగలిగింది వాళ్లే. ఆర్డర్ల కోసం ఫోన్ నంబరు వేయాలా వద్దా అన్నదీ వాళ్లే చెప్పాలి. సంక్రాంతి ముందు అందుకోలేనన్ని ఆర్డర్లు వస్తే ఇబ్బంది వాళ్లకే కదా.

ఆఖరుగా ఒక వీడియో పక్కన ఉంచుకోండి. కళ్లు దిద్దుతున్న షాట్ గానీ, మక్కు రాస్తున్న షాట్ గానీ, ఆపకుండా పది నిమిషాలు తీసింది మీ దగ్గర ఉండే ఉంటుంది. మాటల్లేకుండా, ఉన్న చప్పుడుతోనే, మొదట ఒక టైటిల్ వేసి రెండు గంటల్లో సిద్ధం చేయొచ్చు. దాన్ని నాలుగో వారంలోనే ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోండి. ఏ శనివారమైనా మీ వీడియో అందకపోతే అది వదలండి. అందితే పండగ అయ్యాక విడిగా వేసుకోండి.